డేట్లు ఖరారయ్యేలోపు ఒకసారి బయటికి చదివించండి

మన సినిమాల్లో కథ చెవుల మీదుగానే నడుస్తుంది. దర్శకుడు హీరోకి చెబుతాడు, నిర్మాతకి చెబుతాడు, ఫైనాన్షియర్‌కి చెబుతాడు. రెండు గంటల నేరేషన్‌లో గొంతు పెంచి, తగ్గించి, నేపథ్య సంగీతం కూడా నోటితోనే ఇచ్చి ఒప్పిస్తాడు. ఇది గొప్ప విద్య, కాదనను. కానీ షెడ్యూల్ వేసేది ఆ గొంతును చూసి కాదు. కో-డైరెక్టర్ ముందున్నది కాగితం. ఏ సీన్లో ఎవరున్నారు, పగలా రాత్రా, ఇంట్లోనా రోడ్డు మీదా, ఎంతమంది జనం కావాలి అన్నవి ఆ కాగితం నుంచే తీయాలి. నేరేషన్‌లో విన్న సినిమా, కాగితం మీదున్న సినిమా ఒకటేనా అని చూసుకునే రోజు మన ప్రీ-ప్రొడక్షన్‌లో చాలా చోట్ల ఉండదు. అందరూ బల్ల చుట్టూ కూర్చుని స్క్రిప్టు మొత్తం బయటికి చదివే టేబుల్ రీడే ఆ రోజు. అది ఆర్టిస్టుల డేట్లు తీసుకోకముందే, లొకేషన్లకి అడ్వాన్సులు కట్టకముందే జరగాలని నా వాదన. షూటింగుకి మూడు రోజుల ముందు పెట్టే రీడింగ్‌తో ఆర్టిస్టులకి పరిచయాలవుతాయి, బాగానే ఉంటుంది. స్క్రిప్టులో ఏదీ మార్చే వీలు అప్పటికి మిగలదు.

ఇది ఓటీటీ కంపెనీలు తెచ్చిన పరాయి పద్ధతి అని కొందరు పెద్దవాళ్లు విసుక్కుంటారు. అలా అన్నప్పుడల్లా నాకు ‘మాయాబజార్’ దర్శకుడు కె.వి. రెడ్డి గారు గుర్తొస్తారు. స్క్రిప్టు పూర్తిగా సిద్ధమయ్యాక రిహార్సల్స్ పెట్టి, స్టాప్‌వాచ్ పట్టుకుని సీను నిడివి చూసుకున్నాకే సెట్‌కి వెళ్లే మనిషిగా ఆయనకి పేరు. మద్రాసులో 1950లలో మనవాళ్లు చేసిన పనే ఇది, మధ్యలో మానేశాం.

స్టాప్‌వాచ్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే తెలుగు స్క్రిప్టుకి వేరే కొలత లేదు. పేజీకి నిమిషం అనే లెక్క అందరికీ తెలుసు. అది ఇంగ్లీషు స్క్రిప్టుకి, పన్నెండు పాయింట్ల కొరియర్ అక్షరాలకి, వాళ్ల మార్జిన్లకి కుదిరిన లెక్క. మనవాళ్లలో చాలామంది ఇప్పటికీ ఎడమవైపు యాక్షన్, అంటే తెర మీద జరిగేది, కుడివైపు డైలాగు పెట్టి రాస్తారు. కొందరు తెలుగు లిపిలో, కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు. అదే సీను ఒకరి చేతిలో పేజీన్నర, ఇంకొకరి చేతిలో మూడు పేజీలు. పేజీలు లెక్కబెట్టి రోజులు వేస్తే ఆ షెడ్యూల్ మొదటి వారంలోనే తప్పుతుంది.

నేను కో-డైరెక్టర్‌గా పనిచేసిన ఒక చిన్న సినిమా చెబుతాను. పేరు అక్కర్లేదు. గోదావరి లంకల్లో కథ. తండ్రి పోయాక ఊరికి వచ్చిన కూతురు, ఆయన చేసిన అప్పులు, తాకట్టులో పొలం, ఏదీ తిన్నగా చెప్పని పెదనాన్న. నిర్మాత అనుకున్న నిడివి రెండు గంటల పది నిమిషాలు. రోజుకి ఐదు నిమిషాల సినిమా తీయగలం అనుకుంటే ఇరవయ్యారు రోజులు. రోజు ఖర్చు మూడు లక్షలకి అటూ ఇటూ. స్క్రిప్టు బాగుంది, నేరేషన్‌కి అందరి కళ్లూ చెమర్చాయి. ఇక డేట్లు అడగడమే తరువాయి అనుకుంటున్న సమయంలో, షూటింగుకి ఇంకా ఆరు వారాలుండగా, రీడింగ్ పెట్టాం.

ఎవరు చదవాలి అన్నది మొదటి గొడవ. దర్శకుడు చదవకూడదు. ఇది చెప్పడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే ఆయనకి ప్రతి లైనూ నోటికి వచ్చు. ఆయన చదివితే అది మళ్లీ నేరేషనే. రచయిత కూడా చదవకూడదు. ఆయన పెన్సిల్ పట్టుకుని మూల కూర్చోవాలి. యాక్షన్ భాగం ఒక అసిస్టెంట్ డైరెక్టర్ చదవాలి, వార్తలు చదివినట్టు, ఏ రసమూ కలపకుండా. పాత్రలకి అసలు ఆర్టిస్టులు దొరికితే సరే. మాకు ముగ్గురే దొరికారు. హీరోయిన్ తెలుగమ్మాయి కాదు, ఎలాగూ డబ్బింగే. ఆమె బదులు ఒక డబ్బింగ్ ఆర్టిస్టుని పిలిచాం, మిగిలిన పాత్రలకి నాటకాల వాళ్లని. డేట్ లేని స్టార్ కోసం రీడింగ్ ఆపుకోనక్కర్లేదు. మనం పరీక్షించేది స్టార్‌ని కాదు. కెమెరామన్, ఆర్ట్ డైరెక్టర్, ఎడిటర్ చుట్టూ కూర్చున్నారు. కాపీలకి నంబర్లు వేసి, సాయంత్రం లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నాం. కథ బయటికి పోతుందని భయపడేవాళ్లకి అంతకంటే వేరే మందు లేదు.

ఒక అమ్మాయికి స్టాప్‌వాచ్ ఇచ్చాం. సీను మొదలవగానే నొక్కాలి, అయిపోగానే ఆపాలి. మాటలు లేని చోట ఇది మోసం చేస్తుంది. ‘ఆమె ఊరంతా తిరిగి ఇంటికొచ్చింది’ అనే లైను చదవడానికి మూడు సెకన్లు. తెర మీద అది నిమిషం, తీయడానికి ఒక పూట. అలాంటి లైను రాగానే వాచీ ఆపి, ఎంతసేపు ఉంటుందో దర్శకుడూ కెమెరామనూ అక్కడికక్కడే చెప్పాలి. మా కెమెరామన్ గదిలో లేచి నడిచి చూపించేవాడు, తాళం తీసి, లోపలికెళ్లి, లైటు వేసి. నలభై సెకన్లు పట్టేది. పాటలకి విడిగా ఇన్ని నిమిషాలని రాసుకున్నాం. ఇంటర్వెల్ దగ్గర ఆపి భోజనాలు పెట్టాం. మన సినిమాకి ఆ విరామం కథలోనే ఉంది కాబట్టి, ఫస్టాఫ్ నిడివి విడిగా తెలియడం మనకి చాలా అవసరం.

సాయంత్రానికి లెక్క తేలింది. ఫస్టాఫ్ ఎనభై నాలుగు నిమిషాలు, సెకండాఫ్ అరవై ఏడు. మొత్తం రెండున్నర గంటలు దాటింది. అనుకున్న దానికంటే ఇరవయ్యొక్క నిమిషాలు ఎక్కువ. దర్శకుడు మామూలుగా అనే మాటే అన్నాడు: ‘ఎడిటింగులో చూసుకుందాం లెండి.’ ఎడిటర్ అక్కడే ఉన్నాడు. ‘సార్, నేను తీసేసేది మీరు నాలుగు రోజులు తీసింది’ అన్నాడు. నాలుగు రోజులంటే ఆ సినిమాకి పన్నెండు లక్షలు. పైగా ఎడిటింగులో తీసే సీను ఒంటరిగా పోదు. దానిలో చెప్పిన విషయం ఇంకెక్కడో అవసరమై, ప్యాచ్ వర్క్ అని మళ్లీ ఇద్దరు ఆర్టిస్టుల డేట్ల కోసం తిరగాల్సి వస్తుంది. అప్పటికి ఒకరు గడ్డం తీసేసి ఉంటారు.

నిడివి కంటే ఆ రోజు నాకు ఎక్కువ పనికొచ్చినవి ఇంకో రెండు గమనింపులు.

మొదటిది, దర్శకుడు మధ్యలో ఎన్నిసార్లు కలగజేసుకుంటాడు అన్నది. ఆయన నోరు తెరిచిన ప్రతిసారీ నా కాపీలో ఒక గుర్తు పెట్టాను. ‘అక్కడొక షాట్ ఉంటుంది లెండి’, ‘ఇక్కడ ఆమె చూపులోనే తెలిసిపోతుంది’, ఇలా. ప్రతి గుర్తూ ఆయన బుర్రలో ఉండి కాగితం మీద లేని విషయమే. వాటిలో చాలావరకు నటనకి సంబంధించినవి, పర్వాలేదు. కానీ దింపుడుకళ్లం సీను చదువుతుంటే ఆయన మామూలుగా అన్నాడు: ‘అప్పటికి వాన పడుతూ ఉంటుంది.’ ఆర్ట్ డైరెక్టర్ తలెత్తి నన్ను చూశాడు. స్క్రిప్టులో వాన అన్న మాటే లేదు. నేరేషన్‌లో ఉందిట, ఆయన చేత్తో చినుకులు చూపించేవాడట. వాన అంటే ట్యాంకర్లు, వాన మిషన్, దానికి మనుషులు, ప్రతి ఆర్టిస్టుకీ ఒకేలాంటి బట్టలు మూడేసి జతలు, టేక్‌కీ టేక్‌కీ మధ్య తల ఆరబెట్టుకోవడం. సగం రోజు అనుకున్న సీను రోజున్నర అవుతుంది. ఆ మాట షూటింగు రోజు పొద్దున్న వచ్చి ఉంటే ఏం జరిగేదో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. వాన ఉంచాలా వద్దా అన్నది దర్శకుడి ఇష్టం. ఉంటే కాగితం మీద ఉండాలన్నదే నా పట్టు. చివరికి ఆయన ఉంచుకున్నాడు, దానికి తగ్గ డబ్బు ఇంకో చోట మిగిల్చాడు. ఎక్కడో చెబుతాను.

రెండోది, బల్ల దగ్గర ఎవరు ఊరికే కూర్చున్నారు అన్నది. హీరోయిన్ వాళ్ల అన్న కూతురు, ఎనిమిదేళ్ల పాప, ఈ కథలో ఉంది. ఆ పాత్ర చదవడానికి ఒక అసిస్టెంట్‌ని కూర్చోబెట్టాం. పదిహేడు సీన్లలో పాప పేరుంది. చదువుతుంటే ఆరు సీన్లలోనే ఆమెకి మాట ఉందని తేలింది. మిగతా పదకొండింటిలో ‘పాప పక్కనే ఉంటుంది’, ‘పాప చూస్తూ ఉంటుంది’. చదివే అమ్మాయి మధ్యాహ్నానికి ఫోన్ తీసింది. ఒంటరిగా కూర్చుని స్క్రిప్టు చదువుకునేటప్పుడు ఇది కనిపించదు. ఎందుకంటే పాప ఉందని మన మనసు ఊహించేసుకుంటుంది, ఆ ఊహ కాస్త ముద్దుగా కూడా ఉంటుంది.

ఇది షెడ్యూల్‌కి ఎందుకంత ముఖ్యం? పిల్లల్ని షూటింగుకి వాడుకోవడానికి 2017లో వచ్చిన నిబంధనలున్నాయి. రోజుకి ఐదు గంటలకి మించి పని చేయించకూడదు, విశ్రాంతి ఇవ్వకుండా మూడు గంటలు దాటకూడదు. షూటింగు జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి. అంటే పాప ఉన్న ప్రతి సీనూ ఆ ఐదు గంటల్లోకే సర్దాలి. మాట లేకుండా మూల నిలబడ్డ పాప కోసం మొత్తం యూనిట్ రోజునంతా తిప్పుకోవాలి. రచయిత ఒక్కో సీనూ చూసుకున్నాడు. మాటల్లేని పదకొండింటిలో రెండింటిలోనే పాప నిజంగా కావాలి. పెద్దవాళ్లు అప్పు గురించి గొడవపడుతుంటే తను వినకూడనిది వింటుంది, తర్వాత ఆ మాటే నోరుజారి అనేస్తుంది. తొమ్మిది సీన్లలోంచి పాప పోయింది. కథలో ఎవరికీ లోటు తెలియలేదు. నా షెడ్యూల్లో మాత్రం పాప రోజులు సగానికి పైగా తగ్గాయి.

ఇదే దారిలో వాకిట్లో గేదె కూడా పోయింది. స్క్రిప్టులో జంతువుని రాసి వాడుకుంటే జంతు సంక్షేమ బోర్డు నుంచి షూటింగుకి ముందే అనుమతి కావాలి. ఆ బోర్డు ఆఫీసు హర్యానాలో ఉంది, కాగితాలకి సమయం పడుతుంది. ‘వాకిట్లో గేదె నెమరేస్తూ ఉంది’ అని అందంగా రాసిన ఒక్క లైను అది. గేదె లేకపోయినా అది వాకిలే.

ఇక రివిజన్ సంగతి. రీడింగ్ అయిన సాయంత్రమే చర్చ పెట్టడం నాకు నచ్చదు. అందరూ అలసిపోయి ఉంటారు, పైగా ప్రతివాడికీ పరిష్కారం తోస్తుంది. హీరోయిన్‌కి ఒక ఫ్రెండ్ ఉండాలంటాడు ఒకడు, క్లైమాక్స్ ముందు ఫైట్ పెట్టమంటాడు నిర్మాత బావమరిది. ఆ రోజు పరిష్కారాలు వద్దు, ఏం గమనించారో మాత్రం రాసివ్వండి అని చెప్పాలి. ఎక్కడ పేజీ వెనక్కి తిప్పారు, ఎక్కడ ‘ఇతనెవరు?’ అనిపించింది, ఏ మాట దగ్గర చదివేవాళ్లు రెండుసార్లు తడబడ్డారు. అంతే. గదిలో నవ్వు వచ్చిన చోట్లని కూడా నేను పెద్దగా నమ్మను. అందరం తెలిసినవాళ్లమే, రాసినవాడు ఎదురుగా ఉన్నాడు. నవ్వు రాకపోవడం మీద కూడా తొందరపడి తీర్పు చెప్పను, మొదటిసారి చదువుతున్న మనిషికి టైమింగ్ ఎక్కడినుంచి వస్తుంది? తడబాటుని మాత్రం నమ్ముతాను. కోనసీమ మనిషి పాత్రకి రాసిన ఒక వాక్యం దగ్గర అదే ప్రాంతం నుంచి వచ్చిన నటుడు మూడుసార్లు ఆగాడు. ఆయన్నే అడిగితే, ‘మా వైపు ఇలా అనరండీ’ అన్నాడు. ఆ పాత్ర మాటలన్నీ ఆయన ముందు కూర్చుని రచయిత సరిచేసుకున్నాడు.

మర్నాడు వచ్చిన కాగితాలన్నిటినీ నేను రెండు కుప్పలు చేశాను. కథకి ఏది ముఖ్యం అన్న వరుసలో కాదు. ఏ సీనుకి ఏమేం కావాలో రాసుకునే బ్రేక్‌డౌన్‌ని కదిలించేవి ఒక కుప్ప: మనిషి, చోటు, పగలు-రాత్రి, జనం, వాన, బండి, జంతువు. కదిలించనివి ఇంకో కుప్ప: మాట, భావం, సీనులో ఎవరు ముందు తెలుసుకుంటారు లాంటివి. మొదటి కుప్పకి గడువు రెండు వారాలు, ఆ తర్వాత ఒక్కటి కూడా తీసుకోం. రెండో కుప్పకి షూటింగు ముందురోజు దాకా గడువుంది. సెట్లో రాసుకునే మాట బాగుంటుందనే దర్శకులతో నాకు పేచీ లేదు, చాలాసార్లు నిజంగానే బాగుంటుంది. కానీ సెట్లో రాసుకునే మాటతో పాటు సెట్లో రాసుకునే మనిషి కూడా వస్తేనే చిక్కు. ‘వాళ్ల మావయ్య కూడా ఉంటే బాగుంటుందేమో’ అన్న ఆలోచన పొద్దున్న ఎనిమిదింటికి వస్తే, మావయ్య వేషం వేసేవాడు ఆ రోజు రామోజీ ఫిల్మ్ సిటీలో ఇంకో సినిమాలో ఉంటాడు.

మొదటి కుప్పలో అతి పెద్దది రేవు సీన్లు. ముప్పై ఒకటో సీను: రాత్రి, రేవు, హీరోయినూ పెదనాన్నా పంటు మీద అవతలి ఒడ్డుకి వెళుతూ పొలం తాకట్టు గురించి మాట్లాడుకుంటారు. ముప్పై ఎనిమిది: మర్నాడు రాత్రి, అదే రేవు, అదే ఇద్దరు, మిగిలిన నిజం బయటపడుతుంది. కాగితం మీద రెండూ వేరువేరుగా అనిపించాయి. మధ్యలో ఆరు సీన్లున్నాయి కదా. బయటికి చదివినప్పుడు పెదనాన్న పాత్రధారి రెండోసారి ‘నీకు చెప్పకూడదనే అనుకున్నానమ్మా’ అనగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అదే మాట, అదే గొంతు, పావుగంట తేడాలో.

రెండు రాత్రుల ఔట్‌డోర్ అంటే కాగితం మీద రెండు రోజులే. నిజానికి రాత్రంతా పనిచేసిన యూనిట్‌ని మర్నాడు పగలు పిలవలేం, మూడు రోజులు పోతాయి. దానిమీద జనరేటర్, నది మీద వెలుగు పడేలా లైట్లు, ఇంకా పంటు. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు మీద దాటినవాళ్లకి తెలుసు, అది బళ్లనీ మనుషుల్నీ దాటించే పనిలో ఉంటుంది, మన టేక్ కోసం నది మధ్యలో ఆగదు. రాత్రికి విడిగా మాట్లాడుకోవాలి, మనుషుల్ని పెట్టాలి, నీటి మీద జాగ్రత్తలు చూడాలి.

రచయిత మూడు రోజులు తీసుకుని తెచ్చిన మార్పు ఇది. ముప్పై ఎనిమిది తీసేశాడు. ముప్పై ఒకటిలో వాళ్లిద్దరూ రేవుకి వచ్చేసరికి ఆఖరి పంటు వెళ్లిపోయింది. మెట్ల మీద కూర్చోక తప్పదు, ఇంకెటూ పోలేరు, కాబట్టి ఆ మాట వచ్చి తీరుతుంది. పాత స్క్రిప్టులో పెదనాన్న ఎందుకు నోరు విప్పాడో నాకెప్పుడూ అర్థమయ్యేది కాదు, ఇప్పుడు కారణం దొరికింది. పంటు ఖర్చు లేదు, ఒక రాత్రి లేదు, నాలుగు నిమిషాల నిడివి పోయింది. దర్శకుడి వానకి డబ్బు ఇక్కడి నుంచే వచ్చింది. షెడ్యూల్ కోసం చేసిన మార్పు కథని పాడుచేస్తుందని భయపడేవాళ్లకి ఈ సీను చూపిస్తాను. అన్నిసార్లూ ఇంత కలిసిరాదు, ఒప్పుకుంటాను. ఇదే సినిమాలో సంత సీనుని డబ్బు కోసం ఇంటి అరుగు మీదకి మార్చాం, అది నాకిప్పటికీ చప్పగానే ఉంటుంది.

మార్పులు జరుగుతున్నప్పుడు సీను నంబర్లు తిరగరాయకూడదు, దీనిమీద నేను మొండిగా ఉంటాను. ముప్పై ఎనిమిది పోతే ఆ నంబరు దగ్గర ‘తీసేశాం’ అని ఉండాలి. నలభై రెండు తర్వాత కొత్త సీను వస్తే అది 42ఎ. నంబర్లు జరిపితే కాస్ట్యూమర్ దగ్గరున్న పాత నలభైకీ నా దగ్గరున్న కొత్త నలభైకీ పొంతన ఉండదు, ఆ రోజు హీరోయిన్ తప్పు చీరలో దిగుతుంది. హాలీవుడ్‌లో ఒక్కో రివిజన్‌కి ఒక్కో రంగు కాగితం, తెలుపు తర్వాత నీలం, తర్వాత గులాబీ, అలా. మనకి వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు. `script_final_new2.pdf` అని పేరు పెట్టేవాళ్ల ఫోన్ లాక్కోవాలనిపిస్తుంది. పేరులో తేదీ ఉంటే చాలు. మారిన లైను పక్కన ఒక చుక్క, మొదటి పేజీలో ఏయే సీన్లు మారాయో, దేనివల్ల ఎవరికి తెలియాలో ఒక చిన్న పట్టిక. ఆ పట్టిక ఆర్ట్‌కీ, కాస్ట్యూమ్స్‌కీ, మేనేజర్‌కీ ఒకేసారి వెళ్లాలి. మార్చే చెయ్యి మాత్రం ఒక్కటే ఉండాలి. మా సినిమాలో రచయిత తప్ప ఎవరూ ఫైలు ముట్టుకోలేదు, దర్శకుడు కూడా ఆయనకి చెప్పి మార్పించుకున్నాడు.

రెండు వారాలయ్యాక మారిన సీన్లని మాత్రమే మళ్లీ చదివాం. ఈసారి నలుగురమే, ఆఫీసులో, ఒక మధ్యాహ్నం. ఈ రెండో చదువుని చాలామంది ఎగ్గొడతారు. నా లెక్కలో మొదటిదానికంటే ఇదే ఎక్కువ దొంగల్ని పట్టిస్తుంది, ఎందుకంటే ఒక సీను తీసేస్తే దానిమీద ఆధారపడ్డది ఇంకోచోట గాల్లో వేలాడుతూ ఉంటుంది. ముప్పై తొమ్మిదో సీను హీరోయిన్ పంటు దిగడంతో మొదలవుతోంది, ఇప్పుడు ఆమె ఎక్కనే లేదు. యాభై ఐదులో పాప ‘ఆ రోజు నేనక్కడే ఉన్నా కదా’ అంటుంది, అక్కడినుంచి మనమే తీసేశాం. పంటుని పొద్దున్న మొదటి ట్రిప్పుగా మార్చి, మామూలు జనంతో పాటే పగలు తీద్దామనుకున్నాం. పాప లైను మారింది.

అన్నీ అయ్యాక నిడివి రెండు గంటల పద్నాలుగు నిమిషాలకి వచ్చింది. ఆ నాలుగు నిమిషాలూ చివరి సీనులోవి. చదివినప్పుడే సాగుతోందని ఎడిటరూ నేనూ చెప్పాం, దర్శకుడు వినలేదు. ‘అది కాగితం మీద తేలదన్నా, మొహాల మీద తేలాలి’ అన్నాడు. వాదించి లాభం లేదనిపించింది, అది ఆయన సినిమా. మరి దానికి సగం రోజు చాలదని చెప్పి, రోజంతా ఆ ఒక్క సీనుకే రాశాను, వెనకాల ఇంకేదీ పెట్టకుండా. దాంతో ఇరవయ్యారు రోజులూ నిండాయి. మర్నాడు మేనేజర్ డేట్ల కోసం ఫోన్లు మొదలుపెట్టాడు.